శెనక్కాయ చిరునామా

మా వియ్యంకుడు పోయిన కబురు నాకు బాగేపల్లి బస్టాండులో అందింది. చేతిలో సంచి, సంచిలో ఆ పొద్దున్నే పీకిన పచ్చి శెనక్కాయలు. వాటికింకా ఎర్రమట్టి వదల్లేదు. ఆయన కోసమే తీసుకున్నాను. చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కబోతుంటే మా కోడలు ఫోన్ చేసి, "అత్తయ్యా, నాన్న వెళ్ళిపోయారు" అంది. ఆసుపత్రిలో, నిద్రలోనేనట. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇక ఈ కాయల పేరు మీద ఎవరితో పోట్లాడాలి అనిపించింది. చావు కబురు వినగానే రావలసిన ఆలోచన అది కాదని నాకూ తెలుసు. వచ్చింది మాత్రం అదే.

ఆయన మా కోడలి తండ్రి. గోదావరి వైపు మనిషి. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై, ఆ తరువాత ఒక మాండలిక నిఘంటువు పనిలో సంపాదకులలో ఒకరుగా కుదురుకున్నారు. భార్య పోయాక కూతురి దగ్గర ఉంటానని, కర్ణాటకలో చిక్కబళ్ళాపురంలోని మా ఇంటికి వచ్చారు. మా వైపు వియ్యంకుణ్ణి కన్నడం వాళ్ళతో పాటు బీగరు అంటాం. బీగరు ఇంటికి వస్తే మర్యాద చేసి, మూడో పూట బస్సెక్కించడం ఇక్కడి ఆచారం. ఈయన బస్సెక్కే రకం కాదని ఆయన పెట్టెలు చూడగానే తెలిసింది. బట్టలకు ఒకటి, చీటీలకు రెండు.

మా ఇంట్లో అప్పటికే ఒక పెద్ద దిక్కు ఉంది. నా భర్త అక్క, మా ఆడబిడ్డ. ఎనభై దాటింది. బడి గడప తొక్కలేదు, చిక్కబళ్ళాపురం దాటి కాపురం చేయలేదు. చెవి కొంచెం దూరం. అందువల్ల ఆమె గుసగుసలు వీధి చివరి దాకా వినబడతాయి. ఆమె, నేను, కొడుకు, కోడలు. మధ్యలో ఈయన.

వచ్చిన రోజే గొడవ మొదలైంది. దోసెల్లోకి శెనక్కాయ చట్నీ చేశాను. ఆయన వేలితో ఒక చుక్క నాలిక మీద వేసుకుని, ఎంతో మర్యాదగా, "చాలా బాగుందండీ చెల్లెమ్మగారూ. ఇది వేరుశనగ కదూ? శనగ అంటే మాకు వేరే గింజ" అన్నారు.

మా ఊళ్ళో తిండి ముందు పేరు సరిదిద్దే అలవాటు లేదు. నేను అన్నాను: "అన్నయ్యగారూ, మా నాయనకు బాగేపల్లిలో నూనె గానుగ ఉండేది. నేను ఈ కాయల గుట్టల మీద పెరిగాను. ఇది వేరుకు కాయదు. పూత రాలాక కాడ నుంచి ఊడ దిగి మట్టిలో దూరి, ఆ ఊడ కొసన కాయ ఊరుతుంది. వేరుశనగ అని పేరు పెట్టినాయన చేను చూసి ఉండడు."

కొడుకు తల దించుకుని దోసె తిన్నాడు. కోడలు నా వైపు చూసిన చూపును ఇక్కడ రాయను. ఆయన మాత్రం చేయి కడుక్కోకుండానే లేచి, జేబులోంచి పెన్సిలూ చీటీ తీసి, "ఊడ అన్నారు కదూ? దిగడం అన్నారా, దూరడం అన్నారా?" అని అడిగారు. నేనేమో కోపం కోసం ఎదురుచూస్తున్నాను. తిట్టు పడ్డాక అందులోంచి మాట ఏరుకునే మనిషిని అంతవరకూ చూడలేదు.

ఆయనను తలచుకుంటే ముందు ఆ పెన్సిలే గుర్తుకొస్తుంది. పెన్ను వాడేవారు కాదు. మాట గురించి తీర్పు మారవచ్చు, చెరపడానికి వీలుండాలి అనేవారు. బస్సులో ఎవరైనా కొత్త మాట అంటే, పక్కనున్న నేను ఏం చెబుతున్నా సరే, వేలెత్తి నన్ను ఆపేవారు. ఒకసారి డాక్టరును కూడా అలాగే ఆపారు. బయట కాంపౌండరు ఎవరినో కసురుకుంటున్నాడు, ఆ కసురులో ఏదో క్రియ దొరికిందట. డాక్టరు స్టెతస్కోపు పట్టుకుని నిలబడిపోయాడు.

సాయంత్రం వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క పెడితే చాలు, ఆయన ముఖం వెలిగేది. కాయను ముక్కు దగ్గర నొక్కి రెండుగా విప్పేవారు. పలుకుల మీది ఎర్రపొట్టు నలిపి అరచేతిలోంచి ఊదేవారు. ఆ పొట్టంతా నేను ఊడ్చిన వసారా మీదే పడేది. ఊదుతూ చెప్పేవారు. తెలంగాణలో ఇది పల్లీ. పక్కనున్న ఉర్దూ ఫల్లీ నుంచి వచ్చి ఉంటుందని ఊహ. కర్నూలులో, అనంతపురం పై భాగంలో బుడ్డలు, కాయ ఉబ్బుగా ఉంటుంది కనుక. చిత్తూరు, కడప వైపు శెనక్కాయ, చెనిక్కాయ, సెనక్కాయ. కోస్తాలో వేరుశనగ. ఇన్ని పేర్లెందుకంటే, ఈ పంట మనది కాదు, సముద్రాలు దాటి వచ్చింది. పాత కావ్యాల్లో దీనికి పేరు లేదు. కొత్త గింజ చేతిలో పడగానే ఏ సీమ వాళ్ళు ఆ సీమలో తమకు తోచిన పేరు పెట్టుకున్నారు.

"అయితే అసలు పేరు ఏదీ లేనట్టే కదా" అన్నాను.

"అదే నేనూ చెబుతున్నాను."

"మరి నిఘంటువులో వేరుశనగకు పెద్ద పీట ఎందుకు?"

అక్కడ ఆయన ఉపాధ్యాయుడైపోయేవారు. నిఘంటువులో వరుసకు నిలబెట్టే మాటను ఆరోపం అంటారట. ఒక వస్తువుకు పది పేర్లుంటే పదింటి దగ్గరా అర్థం రాసుకుంటూ పోతే పుస్తకం మోయలేం. అందుకని ఒక్క పేరు దగ్గర అర్థం రాసి, మిగిలిన వాటి దగ్గర 'చూ.' అని, అంటే 'చూడండి' అని, ఆ పేరు చూపిస్తారు. ఆ ఒక్క పేరుగా దేన్ని ఎంచుతారంటే, పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, రైతులకు పంచే కాగితాల్లో ఎక్కువగా అచ్చయ్యేదాన్ని. అది స్వచ్ఛమైనదని గానీ మొదటిదని గానీ ఎవరూ హామీ ఇవ్వరు. అచ్చులో ఎక్కువ తిరిగిందంతే. "నిఘంటువు కోర్టు కాదండీ, చిరునామాల పుస్తకం" అనేవారు.

"బాగుంది. అందులో మా చిరునామా చూపించండి" అన్నాను.

ఆయన పుస్తకం ముందు పేజీల్లోని సంక్షేపాల పట్టిక తీశారు. ఏ మాట ఎక్కడిదో చెప్పడానికి ప్రతి జిల్లాకూ ఒక పొట్టి గుర్తు ఉంటుంది. అనం., చిత్తూ., కడ., కర్నూ. అన్నీ ఉన్నాయి. వేలితో పైనుంచి కింది దాకా చూసుకుంటూ వచ్చారు. చిక్కబళ్ళాపురానికి గుర్తు లేదు. కోలారుకూ లేదు. ఆ పట్టిక కర్ణాటక సరిహద్దు దగ్గర ఆగిపోయింది. గుర్తు లేనిచోట దొరికిన మాటను రాయడానికి గడి లేదు.

నేను ఏమీ అనకపోవడం ఆయనకు అప్పటికే వింత. "ఏమిటండీ?" అని రెండుసార్లు అడిగారు. అప్పుడు చెప్పాను. డిగ్రీకి అనంతపురం పోతే తోటి ఆడపిల్లలు మాది కన్నడ తెలుగు అన్నారు. ఇక్కడికొచ్చి కన్నడ మీడియం బడిలో చరిత్ర పాఠం చెబితే సాటి టీచర్లు నాది తెలుగు కన్నడ అన్నారు. నా కన్న తల్లి మాట్లాడిన భాషకు అటూ ఇటూ ఎవరూ పూచీ పడలేదు. తాతలకు తాతల నుంచి ఇక్కడ దుకాణాలు పెట్టుకుని, సేద్యాలు చేసుకుని, తెలుగులోనే పిల్లల్ని తిట్టుకుంటూ వచ్చాం. మీ పుస్తకం ప్రకారం మేమింతకాలం నోరే తెరవలేదన్నమాట.

ఆయన ఆ రోజు పొట్టు ఊదడం మానేశారు. కాసేపటికి, "ఇంకా 'వ' అక్షరం మూసెయ్యలేదు" అన్నారు.

నిఘంటువు పని అక్షరం వారీగా నడుస్తుందట. 'చ' అచ్చుకు పోయింది. చెనిక్కాయకు అక్కడ ఇక చోటు లేదు, ఉంటే అనుబంధంలోనే. కానీ 'వ'లో వేరుశనగ ఆరోపం కింద అన్ని సీమల పేర్లూ గుర్తులతో సహా వరుసగా వస్తాయి. ఆ వరుసలో మా శెనక్కాయను చిక్కబళ్ళాపురం గుర్తుతో నిలబెట్టాలి. దానికి కమిటీ ఒప్పుకోవాలి. కమిటీకి సాక్షులు కావాలి. వేర్వేరు చోట్ల నుంచి ముగ్గురు. అరవై దాటినవాళ్ళు, ఊరు విడిచి బతకనివాళ్ళు, పుస్తకాల భాష అంటనివాళ్ళు. మాటను అడిగితే చెప్పినట్టు ఉండకూడదు, దానంతటది నోట వచ్చినట్టు ఉండాలి.

"నేనున్నాను కదా" అన్నాను.

"మీరు పనికిరారు చెల్లెమ్మగారూ. మీరు చదువుకున్నారు."

నా జీవితంలో చదువు నన్ను ఎందుకూ పనికిరాకుండా చేసింది ఆ ఒక్కసారే.

మొదట ఊళ్ళోనే మార్కెట్టుకు వెళ్ళాం. ఆయన తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో పెన్సిలు. కాయల బస్తాల దగ్గర నిలబడి, "అమ్మా, వేరుశనగను మీరు ఏమంటారు?" అని అడిగారు. ఆమె ఆయనను చూసి ఏదో ఆఫీసు నుంచి వచ్చాడనుకుని, "కళ్ళేకాయి సార్" అని కన్నడంలో చెప్పింది. పక్కనతను తెలివైనవాడు. టీవీ చూస్తాడు. "వేరుశనగే అంటామప్పా" అన్నాడు. మూడో ఆమె ఇంకా మర్యాదస్తురాలు. "మీరెట్ల అంటే మేమూ అట్లే అంటాము" అంది.

ఇది మా వాళ్ళ జబ్బు. ఇంటికి కొత్త మనిషి వస్తే మంచి గ్లాసు తీసినట్టే, కొత్త మనిషితో మంచి మాట మాట్లాడతారు. వాడుకునే గ్లాసు, వాడుకునే మాట లోపల అలమరలో ఉంటాయి. మా ఆడబిడ్డే పెద్ద ఉదాహరణ. సీరియళ్ళు చూసి చూసి, ఈయన వినబడే దూరంలో ఉన్నారంటే చాలు, "వేరుశనగలు తింటావాప్పా" అనేది. ఆయన వసారాలోంచి లేచి పోగానే, "శెనక్కాయల పొట్టు యాడ జూసినా అదే" అని సణిగేది. ఆ సణుగుడు ఆయన చెవిన ఏనాడూ పడలేదు. మర్యాద అంత గట్టిది.

మార్కెట్టు నుంచి తిరిగి వస్తుంటే ఆయన నీరసంగా ఉన్నారు. నేను చెప్పాను. అన్నయ్యగారూ, మీరు అడుగుతున్నారు. అడిగితే మావాళ్ళు మర్యాద చేస్తారు. కోపం వస్తే తప్ప మర్యాద దిగదు. కోపం తెప్పించే పని నాకు వదలండి, అందులో నాకు యాభై ఏళ్ళ అనుభవం ఉంది. ఆయన మొదట ఇది పద్ధతి కాదన్నారు. తరువాత, పద్ధతుల పుస్తకంలో దీన్ని కాదన్నట్టు ఎక్కడా లేదన్నారు. అనుమతి తీసుకోకుండా గొంతు రికార్డు చేసి పంపడం మాత్రం కుదరదని, పని అయ్యాక ప్రతి ఒక్కరికీ చెప్పి వాళ్ళు సరేనంటేనే ఉంచాలని షరతు పెట్టారు. ఒప్పుకున్నాను.

బాగేపల్లి బస్టాండు దగ్గర గంగులమ్మ అని ఒకామె గంపలో కాయలమ్ముతుంది. ముందు రోజు ఆమె ఈయనకు వేరుశనగ అనే చెప్పింది. నేను వెళ్ళి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, "అన్నీ తాలుకాయలే. లోపల పలుకే లేదు" అన్నాను. ఈయన నా వెనక ఫోను పట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. నటన ఆయనకు రాదు. బస్సులు రాని వైపు చూస్తున్నారు.

గంగులమ్మ లేచి నిలబడింది.

"ఏందమ్మా, నా శెనక్కాయలు తాలుకాయలా? కండ్లు యాడ పెట్టుకోనొచ్చినావు? వానలు ల్యాకపోయినా కడవల్తో నీళ్ళు మోసి పండించిన శెనక్కాయలివి. ఒక్క తాలుకాయ చూపీ, గంప నీ నెత్తిన పెట్టి పంపిస్తా."

నేను ఇంకొంచెం రెచ్చగొట్టాను. ఆమె నా వంశం దాకా వెళ్ళింది. ప్రతి వాక్యంలోనూ 'శెనక్కాయ' ఉంది, 'ఉండాది' ఉంది, 'పండిస్తాండాము' కూడా ఉంది. చివరికి అంతా చెప్పి, ఫోను వినిపించి, ఉంచుకోవచ్చా అని ఆయన చేతులు జోడించి అడిగితే, గంగులమ్మ తన గొంతు తను విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఉంచుకోప్పా. అయితే ఆ తిట్లు తీసేయి" అంది. తిట్లే ముఖ్యమని ఆయన చెప్పలేకపోయారు. చిక్కబళ్ళాపురం చేరేదాకా, మధ్యమధ్యలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ ముసలాయన పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన కుర్రాడిలా నవ్వుకుంటూనే ఉన్నారు.

చింతామణి వైపు ఇంకా తేలికైంది. దర్గా ఉన్న మురుగమల్ల దారిలో ఒక చేనులో చెట్లు పీకి, గట్టున కూర్చుని కాయలు కోస్తున్నారు. చేను పెద్దాయనతో, ఇంత మట్టి ఉన్న కాయను దర్గాకు వచ్చేవాళ్ళకు అమ్ముతారా అన్నాను. అంతే. శెనక్కాయకు మట్టి కాక మల్లెపూలుంటాయా అని మొదలుపెట్టి, కాయ, కట్టె, ఇత్తనం, ఊడ, అన్నీ కలిపి ఒక పెద్ద పాఠం చెప్పాడు. పక్కన ఆడవాళ్ళు అతనికి సాయం వచ్చారు. ఈయన ఆ గట్టు మీదే చతికిలబడి, పంచె మట్టయినా చూసుకోకుండా రాసుకున్నారు. ఆ రోజు ఆయనను చూస్తే వయసు ఎవరికీ గుర్తు రాదు.

ఇద్దరు సాక్షులు దొరికారు. చిక్కబళ్ళాపురం నుంచి మూడో సాక్షి దొరకలేదు. ఊళ్ళో నా నోరు అందరికీ తెలుసు. నేను తిట్టినా ఎవరూ కోప్పడరు. పైగా తెలిసిపోయింది, "ఆ యమ్మ శెనక్కాయ మాట కోసం తిరుగుతాండాది" అని. నేను కనబడగానే పిల్లలు కూడా వేరుశనగ అని అరిచేవారు.

ఈలోగా కమిటీ సమావేశం వచ్చిపడింది. అందరూ దూరాల్లో ఉన్నారు కాబట్టి వీడియో కాల్‌లో. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని హాల్లో కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేను తెరలో కనబడకుండా పక్కన కుర్చీ వేసుకున్నాను. మాట్లాడకూడదని నాతో ప్రమాణం చేయించారు.

ఒక సభ్యురాలు మొదట అభ్యంతరం పెట్టింది. కన్నడంలో కడలె అంటే శనగ, కడలెకాయి అంటే ఈ కాయ. దాని మీద అచ్చు గుద్దినట్టు శెనగ, శెనక్కాయ. కాబట్టి కర్ణాటకలో అది కన్నడానికి తెలుగు చొక్కా తొడగడమే కదా అంది. నా ప్రమాణం అక్కడే తెగేది. ఆయన నా చేయి నొక్కిపట్టి నెమ్మదిగా జవాబు చెప్పారు. కన్నడానికి ఆమడ దూరంలో ఉన్న కడప పల్లెల్లో కూడా శెనక్కాయే. మరి వాళ్ళకు ఆ చొక్కా ఎవరు కుట్టారు? వేరుశనగలోనూ శనగ ఉంది కదా. కొత్త గింజను పాత గింజతో పోల్చి పేరు పెట్టడం ఇరుగుపొరుగు భాషలు రెండూ చేసిన పని. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు, లేనప్పుడు అప్పు తెచ్చుకున్నారని రాయకూడదు.

ప్రధాన సంపాదకులు ఇంకో మాట అన్నారు. పక్కన చిత్తూరులో అదే మాట ఉన్నప్పుడు చిత్తూరు గుర్తు వేస్తే సరిపోతుంది, కొత్త గుర్తు ఎందుకు? ఆయన గొంతు అప్పుడు మారింది. "ఎక్కడ ఉందో చెప్పడానికే కదండీ గుర్తు. పక్కింటి చిరునామా రాస్తే ఉత్తరం వీళ్ళకు అందదు" అన్నారు. తరువాత ప్రధాన సంపాదకులు, సరే, గంగులమ్మగారి సాక్ష్యం, మురుగమల్ల సాక్ష్యం విన్నాం, బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ నియమం ముగ్గురు, జిల్లా కేంద్రం నుంచి ఒక్కరూ లేకుండా జిల్లాకు గుర్తు ఎలా ఇస్తాం అన్నారు. 'వ' ఈ వారంలో మూసేయాలి.

ఆయన భుజాలు కిందికి జారడం చూశాను. బతుకంతా మాటలు పోగుచేసిన మనిషికి చివర ఒక్క మాట తక్కువైంది.

సరిగ్గా అప్పుడే, వంటింట్లోంచి పొగ. సాయంత్రం ఆయనకని పొయ్యి మీద కాయలు పెట్టి, ఈ గోలలో మరిచిపోయాను. హాలు తలుపు మూసి ఉండడంతో ఆయన ఊళ్ళోకి పోయారనుకుంది మా ఆడబిడ్డ. తలుపు తోసి, తన మామూలు గుసగుసతో, అంటే వీధి చివరి దాకా, కేకేసింది.

"ఏమ్మే, శెనక్కాయలు మాడి మసైపోతాండాయి. యాడ సచ్చినావే?"

తెరలో అన్ని ముఖాలూ ఒక్కసారి పైకి లేచాయి. ప్రధాన సంపాదకులు కళ్ళజోడు తీశారు. "ఎవరండీ అది?" అన్నారు.

మా వియ్యంకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మా వియ్యపురాలి ఆడబిడ్డగారు. ఎనభై రెండు. పుట్టిందీ మెట్టిందీ చిక్కబళ్ళాపురం. చదువు లేదు. నేను అడగలేదండీ. మీరందరూ విన్నారు. నేను ఏమీ అడగలేదు" అని గబగబా చెబుతున్నారు. అభ్యంతరం పెట్టిన సభ్యురాలే ముందు నవ్వింది. తరువాత అందరూ. ఆ మాడు వాసనతో పాటు నా ప్రమాణమూ గాలిలో కలిసింది. తెర ముందుకు వచ్చి అందరికీ నమస్కారం పెట్టి, "ఇందులో కన్నడ మాట ఒక్కటుంటే చూపించండి" అన్నాను. మూడో సాక్షి కూడా దొరికింది, గుర్తు వేసుకోండి అన్నారు ప్రధాన సంపాదకులు.

అనుమతి కోసం ఆయన మా ఆడబిడ్డ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆమె మాట పుస్తకంలో అచ్చవుతుందని చెప్పారు. ఆమె సంతోషిస్తుందనుకున్నాం. ఆమె సిగ్గుతో ముడుచుకుపోయింది.

"అయ్యో, ముందే చెప్పుంటే మంచి మాటే అనుందును కదప్పా."

"ఇదే మంచి మాటమ్మా" అన్నారాయన. ఆమె నమ్మలేదు. సచ్చినావే అన్నది మాత్రం అచ్చు వేయవద్దని బతిమాలుకుంది.

కొన్నాళ్ళకు ఆ పుట అచ్చుప్రతి ఆయన ఫోనుకు వచ్చింది. ఇద్దరం వసారాలో కూర్చుని పెద్దది చేసి చూశాం. వేరుశనగ కింద వరుసలో పల్లి, బుడ్డ, చెనిక్కాయ, ఆ పక్కన శెనక్కాయ, దాని పక్కన కడ., చిత్తూ., ఆ తరువాత చిక్క. అని అయిదారు చుక్కలంత చిన్న అక్షరాలు. ఆయన ఆ 'చిక్క.' మీద వేలు పెట్టి తీయలేదు. మా ఊరు, నా తల్లి నోరు, ఆ చుక్క ముందు అంత పొట్టిగా, అంత గట్టిగా కూర్చున్నాయి. నాకు గంతులేయాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోక కాఫీ పెట్టాను.

ఊరికే వదిలితే నేను నేనెందుకవుతాను. కాఫీ ఇచ్చి అడిగాను: 'శ'లో మా మాట దగ్గర ఏం రాస్తారు?

"శెనక్కాయ. చూ. వేరుశనగ."

"అంటే మా కాయ పోయి మీ ఇంటి తలుపు కొట్టాలి."

"సామాన్లు ఆ ఇంట్లో పెట్టారు చెల్లెమ్మగారూ. ఇల్లు మీది కాదని ఎవరన్నారు" అని, కాస్త ఆగి, "అయినా మీరన్నది నిజం. వేరుకు కాయదు. అర్థంలో ఊడ గురించి రాయించాను. చూడండి" అన్నారు. చూశాను. 'ఊడ కొసన నేలలో ఊరెడు కాయ' అని ఉంది. ఆ దోసెల నాటి చీటీ అది. ఏదీ పారేసే మనిషి కాదు.

అక్కడి నుంచి ఆయనలో ఒక మార్పు గమనించాను. తెలియకుండా కొద్దికొద్దిగా శెనక్కాయ అనసాగారు. మొదట వంటింటి వైపు చూసి, తరువాత ఎవరి వైపూ చూడకుండా. ఆసుపత్రిలో చేరాక డాక్టరు ఏమైనా తినాలనుందా అని అడిగితే, "నాలుగు పచ్చి శెనక్కాయలు ఉడకేసి" అన్నారట. కోడలు ఆ మాట ఫోన్‌లో చెబుతూ, నాన్న కాయ పేరే మార్చేశారత్తయ్యా అని నవ్వింది. కొత్త కాయ బాగేపల్లికి వచ్చిందని తెలిసి మర్నాడే బస్సెక్కాను. మిగతాది మీకు మొదట్లోనే చెప్పాను.

ఆ సంచి చాలాసేపు గుమ్మం పక్కనే ఉండిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చారు, కావలసినవి జరిగాయి. గంగులమ్మ కూడా ఎవరి నోటనో విని, బస్సెక్కి వచ్చి, గుమ్మం బయటే నిలబడి దండం పెట్టి వెళ్ళింది. ఇల్లు సద్దుమణిగాక చూస్తే సంచి లేదు. వంటింట్లో మా ఆడబిడ్డ కాయలను మట్టి పోయేదాకా కడిగి, ఉప్పేసి ఉడకబెడుతోంది. నేను సాయం వెళ్ళబోతే చెయ్యి విదిలించింది.

మా వసారాలో, ఆయన కూర్చునే చోట, కోడలు ఆయన ఫోటో పెట్టింది. చొక్కా జేబులో పెన్సిలు ఉన్న ఫోటో. మా ఆడబిడ్డ ఒక పళ్ళెం నిండా ఉడికిన కాయలు తెచ్చి, మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా వంగి, ఫోటో ముందు పెట్టింది. కొంగు సర్దుకుంది. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడూ మాట్లాడే ఆ మర్యాద గొంతుతో, తన మాట అచ్చులో ఉన్నదని తెలిసి కూడా,

"వేరుశనగలప్పా. వేడిగా ఉండాయి" అంది.

నా నాలిక చివర ఒక మాట ఉంది. అనలేదు. పళ్ళెంలోంచి ఆవిరి లేచి ఫోటో అద్దం మీద పట్టుకుంది. చొక్కా, జేబు, పెన్సిలు మసకబారాయి. ఆమె కొంగు కొసతో తుడవబోయి, ఎందుకో ఆగి, అది దానంతటది ఆరేదాకా అక్కడే కూర్చుంది.